స్టాల్ ఎవరికి, ఎక్కడ: వర్తక ప్రదర్శనలో నాలుగు కేటాయింపు పద్ధతుల పోలిక

వర్తక ప్రదర్శన నిర్వహించే సంఘానికి మైదానం దొరకడం, అనుమతులు తెచ్చుకోవడం, దరఖాస్తులు రాబట్టుకోవడం ఒక ఎత్తు అయితే, వచ్చిన దరఖాస్తుదారులను లేఅవుట్‌లో ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలన్నది మరో ఎత్తు. ప్రతి దరఖాస్తులోనూ మూడు విషయాలు ఉంటాయి. ఎంత స్థలం కావాలో, ఎక్కడ కావాలో, డబ్బు ఎప్పుడు కట్టారో అందులో తెలుస్తుంది. ఈ మూడింటిలో దేన్ని ముందు చూడాలన్న దగ్గరే సంఘాలు ఆగిపోతాయి. ‘ముందు కట్టినవారికి ముందు’ అని కరపత్రంలో ఒక్క వాక్యం వేసి ఊరుకుంటే చాలదు. ఆ వాక్యాన్ని నాలుగు రకాలుగా అమలు చేయవచ్చు, నాలుగింటిలోనూ ఫలితం వేరుగా వస్తుంది. అరవై, డెబ్భై స్టాళ్ల స్థాయిలో పట్టణ వర్తక సంఘాలు, చేతివృత్తుల సంఘాలు జరిపే ప్రదర్శనలను దృష్టిలో పెట్టుకుని ఆ నాలుగింటినీ ఇక్కడ పోల్చి చూపుతున్నాను. కేటాయింపు కమిటీలో కొన్నేళ్లు పనిచేశాను కాబట్టి, ఏ పద్ధతి ఎక్కడ బెడిసికొడుతుందో చూసి చెబుతున్న మాటలివి.

## ముందుగా చూడవలసినవి

పద్ధతిని ఎంచుకునే ముందు దాన్ని మూడు ప్రశ్నలతో పరీక్షించాలి.

మొదటి ప్రశ్న పరిమాణానికి సంబంధించినది. మన దగ్గర మామూలు స్టాల్ 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు, అంటే 9 చదరపు మీటర్లు. పెద్ద స్టాల్ కావాలన్నవారికి పక్కపక్కనే ఉన్న రెండింటిని మధ్య పార్టిషన్ తీసేసి కలిపి ఇస్తాం. ఆ రెండూ పక్కపక్కనే ఉండితీరాలి. వరసలో మూడు స్టాళ్లు ఖాళీగా ఉన్నా అవి విడివిడిగా ఉంటే జంట స్టాల్ అడిగినవారికి ఒక్కటీ పనికిరాదు. కేటాయింపు పూర్తయ్యేసరికి ఇలాంటి ముక్కలు మిగలకుండా పద్ధతి కాపాడగలదా అన్నది చూడాలి.

రెండో ప్రశ్న, వ్యాపారి తనకు నిజంగా కావలసిన చోటును మొదటి ఆప్షన్‌గా రాస్తే నష్టపోతాడా అన్నది. కొన్ని పద్ధతుల్లో నిజం రాసినవాడు నష్టపోయి, పక్కవాళ్లు ఏం రాస్తారో ఊహించి రాసినవాడు బాగుపడతాడు. అలాంటి పద్ధతిలో పాత వ్యాపారులకు లోగుట్టు తెలుస్తుంది, కొత్తవారు మోసపోతారు.

మూడో ప్రశ్న, ముందు డబ్బు కట్టినవారికి ఆ ముందు కట్టడం వల్ల ఏం ఒరిగిందో కమిటీ సభ్యుడు ఒక్క నిమిషంలో చెప్పగలడా అన్నది. ఫలితాల జాబితా అతికించిన రోజు సాయంత్రం కమిటీ గదికి వచ్చేవారందరూ అడిగేది ఇదే: “నేను ఆయనకంటే ముందు కట్టాను కదా, ఆయనకు మూల స్టాల్ ఎలా వచ్చింది?” దీనికి సూటిగా సమాధానం లేని పద్ధతి ఎంత తెలివైనదైనా మరుసటి ఏడాది దరఖాస్తులు తగ్గుతాయి.

## పోలికకు ఒక వరస

నాలుగు పద్ధతులనూ ఒకే ఉదాహరణ మీద నడిపితేనే తేడా కనబడుతుంది. ఎనిమిది స్టాళ్ల వరస ఒకటి తీసుకుందాం. ప్రవేశద్వారం వైపు 1వ నంబరు, ఫుడ్ కోర్టు వైపు 8వ నంబరు. ఈ రెండూ రెండు వైపులా తెరిచి ఉండే మూల స్టాళ్లు. 6వ నంబరు అడ్డదారికి ఎదురుగా ఉంటుంది కాబట్టి దూరం నుంచే కనబడుతుంది. దరఖాస్తులు ఆరు, డబ్బు కట్టిన వరసలో ఇవి:

| కట్టిన వరస | వ్యాపారం | పరిమాణం | ఆప్షన్లు వరసగా |
|---|---|---|---|
| 1 | పచ్చళ్లు, పొడులు | ఒకటి | 1, 2, 8 |
| 2 | మంగళగిరి చీరల సొసైటీ | జంట | 1-2, 3-4, 7-8 |
| 3 | కొండపల్లి బొమ్మలు | ఒకటి | 8, 1, 7 |
| 4 | పెంబర్తి ఇత్తడి సామాను | ఒకటి | 6, 5, 7 |
| 5 | ఫర్నిచర్ | జంట | 3-4, 5-6, 7-8 |
| 6 | పలాస జీడిపప్పు | ఒకటి | 2, 1, 7 |

రెండు జంటలకు నాలుగు స్టాళ్లు, మిగిలిన నలుగురికి నాలుగు. లెక్క ప్రకారం ఎనిమిదికి ఎనిమిదీ సరిపోవాలి. రాసిన మూడు ఆప్షన్లూ పోతే, తనకు సరిపడే ఖాళీ స్టాల్ ఏదున్నా తీసుకుంటానని ప్రతివారూ సంతకం పెట్టారనుకుందాం.

## మొదటి పద్ధతి: కట్టిన వరసే వరస

అందరికంటే ముందు కట్టినవారిని పిలిచి వారి ఆప్షన్లలో ఖాళీగా ఉన్న మొదటిది ఇస్తారు. తరువాత రెండోవారు, ఆ తరువాత మూడోవారు. ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టిన ఇంట్లో దీన్ని వివరించనక్కర్లేదు. అక్కడ ర్యాంకు చేసే పని ఇక్కడ కట్టిన వరస చేస్తుంది. ఇందులోని గొప్ప గుణం కూడా అదే. మీ వంతు వచ్చేసరికి మిగిలినవాటిలో మీ జాబితాలో పైన ఉన్నదే మీకు వస్తుంది కాబట్టి, అబద్ధం రాయడం వల్ల ఎవరికీ లాభం ఉండదు.

మన వరస మీద నడిపి చూద్దాం. పచ్చళ్లవారికి 1 వచ్చింది. చీరల సొసైటీ అడిగిన 1-2లో ఒకటి పోయింది కాబట్టి 3-4 వచ్చింది. బొమ్మలవారికి 8, ఇత్తడివారికి 6 వచ్చాయి. ఇప్పుడు ఫర్నిచర్ వంతు. మిగిలినవి 2, 5, 7. మూడు స్టాళ్లున్నా రెండు పక్కపక్కన లేవు. జీడిపప్పువారు 2 తీసుకున్నాక 5, 7 ఖాళీగా మిగిలిపోయాయి. ఫర్నిచర్ వ్యాపారికి కట్టిన డబ్బు వెనక్కి ఇవ్వాలి.

మా కమిటీలో మొదటి ఏడాది జరిగింది అచ్చంగా ఇదే. జంట స్టాల్‌కు పూర్తి డబ్బు కట్టిన ఒక మంచాల వ్యాపారి, లేఅవుట్ కాగితం మీద మూడు తెల్ల గళ్లను వేలితో చూపిస్తూ, “ఇన్ని ఖాళీలుంటే నాకు లేదంటారేమిటండీ?” అని అడిగాడు. ఆరున్నర అడుగుల మంచాన్ని మూడు మీటర్ల గదిలో వేస్తే కొనుగోలుదారు నిలబడడానికి చోటు ఉండదు. ఆయనను ఒంటి స్టాల్‌లో సర్దుకొమ్మనలేకపోయాం. సంఘానికి రెండు స్టాళ్ల అద్దె పోయింది, వరసలో రెండు చోట్ల ఖాళీ బల్లలు కనబడ్డాయి.

అందుచేత ఈ పద్ధతి అన్ని స్టాళ్లూ ఒకే పరిమాణంలో ఉన్న ప్రదర్శనకు చక్కగా సరిపోతుంది. పుస్తకాలవంటి ఒకే రకం సరుకుతో, ఒంటి స్టాళ్లే ఉన్న చిన్న ప్రదర్శనకు ఇంతకంటే మెరుగైనది వెతకనక్కర్లేదు. జంటలు పదింట ఒకటికి మించి ఉన్నప్పుడు మాత్రం దీన్ని యథాతథంగా వాడకూడదని నా అభిప్రాయం.

## రెండో పద్ధతి: పెద్దవి ముందు, చిన్నవి తరువాత

పై ఇబ్బంది చూసిన సంఘాలు వెంటనే పట్టుకునే ఉపాయం ఇది. జంట స్టాళ్లు అడిగినవారందరినీ ముందు, వారిలో వారికి కట్టిన వరసలో కూర్చోబెట్టి, ఆపైన ఒంటి స్టాళ్లవారిని పిలుస్తారు. మన ఉదాహరణలో చీరల సొసైటీకి 1-2, ఫర్నిచర్‌కు 3-4 వస్తాయి. ఇద్దరికీ మొదటి ఆప్షనే దక్కింది. తరువాత పచ్చళ్లవారు 1, 2 పోగొట్టుకుని 8కి వెళ్తారు. బొమ్మలవారికి 7, ఇత్తడివారికి 6, జీడిపప్పువారికి మూడు ఆప్షన్లూ పోయి 5 వస్తాయి.

ఖాళీలు మిగలలేదు, అందరూ కూర్చున్నారు. కానీ అందరికంటే ముందు కట్టిన పచ్చళ్లవారికి మూడో ఆప్షన్ వచ్చింది, అయిదోవారికి మొదటి ఆప్షన్ వచ్చింది. కట్టిన వరసకు విలువ ఉందని కరపత్రంలో రాసి ఇలా చేస్తే మాట తప్పినట్టే. ఈ పద్ధతి పెట్టదలచినవారు ‘పెద్ద స్టాళ్లకు ముందు కేటాయింపు’ అని దరఖాస్తు ఫారం మీదే అచ్చు వేయాలి.

దీనిలో మరో లోపం రెండో ఏడాది బయటపడుతుంది. ఒంటి స్టాల్ చాలునన్నవారు కూడా వరసలో ముందుకు రావడానికి జంట అడుగుతారు, మంచి చోటు దక్కాక సగం మరొకరికి అద్దెకు ఇచ్చేస్తారు. దీన్ని కనిపెట్టడం కష్టం కాదు. ప్రదర్శన రెండో రోజు మధ్యాహ్నం ఒకసారి తిరిగితే, ఒకే స్టాల్‌లో రెండు రకాల సంచులు, రెండు పేర్ల బిల్లు పుస్తకాలు, మధ్యలో తిరిగి వెలసిన పార్టిషన్ కనబడతాయి. ఉపఅద్దె ఇస్తే డిపాజిట్ జప్తు అన్న నిబంధన, దాన్ని నిజంగా అమలు చేసే ధైర్యం లేకపోతే ఈ పద్ధతి జోలికి పోవద్దు.

## మూడో పద్ధతి: పరిమాణాన్ని బట్టి ముందే గీసిన గళ్లు, లోపల కట్టిన వరస

ఇందులో కమిటీ దరఖాస్తులు పిలవక ముందే లేఅవుట్ మీద జంట గళ్లు, ఒంటి గళ్లు వేరుచేస్తుంది. మన వరసలో 3-4, 5-6 జంటలకు, 1, 2, 7, 8 ఒంటివారికి అనుకుందాం. ఆ తరువాత ప్రతి రకంలోనూ కట్టిన వరసలో మొదటి పద్ధతినే నడుపుతారు. పచ్చళ్లవారికి 1, బొమ్మలవారికి 8, జీడిపప్పువారికి 2 వచ్చాయి, ముగ్గురికీ మొదటి ఆప్షన్. చీరలవారికి 3-4, ఫర్నిచర్‌కు 5-6 రెండో ఆప్షన్లు. ఇత్తడివారు అడిగిన 6, 5 జంట గడిలోకి పోవడంతో వారికి మూడోది అయిన 7 వచ్చింది.

ముక్కలు మిగలవు. ఒకే రకంలో ఉన్నవారి మధ్య ముందు కట్టినవాడు వెనక కట్టినవాడి చేతిలో ఎన్నటికీ ఓడిపోడు. కాబట్టి సాయంత్రం గదికి వచ్చినవారికి సమాధానం సిద్ధంగా ఉంటుంది. ఆప్షన్లు నిజంగా రాసినవారికి నష్టం లేదు. మూడు ప్రశ్నలకూ ఒకేసారి నిలబడేది ఇదొక్కటే అనిపిస్తుంది నాకు.

అయితే దీని భారమంతా గళ్లు గీసేచోట ఉంది. జంటలు రెండే వస్తాయనుకుంటే మూడు వచ్చాయనుకోండి, ఒకరు బయట మిగిలిపోతారు. ఒకటే వస్తే రెండు స్టాళ్లు ఊరకనే పడి ఉంటాయి. దీనికి మేము చేసుకున్న సర్దుబాటు ఏమిటంటే, కిందటి ఏడాది వచ్చిన జంట దరఖాస్తుల సంఖ్య కంటే కొంచెం ఎక్కువ గళ్లు జంటలకు పెట్టి, వాటిలో చివరివాటిని ‘విడదీయదగినవి’ అని లేఅవుట్ మీదే గుర్తు పెట్టడం. గడువు తేదీ సాయంత్రానికి జంటలవారు నిండకపోతే ఆ గళ్లు ఒంటివారికి తెరుస్తాం. జంటను విడదీయడం ఒక్క పార్టిషన్ పని, నడి ప్రదర్శనలో కూడా చేయవచ్చు. ఒంటివారు కూర్చున్నాక రెండింటిని కలపడం మాత్రం జరగని పని. అందుకే పొరపాటు చేస్తే జంటల వైపు ఎక్కువ పెట్టే పొరపాటు చేయాలి.

మూలలు ఎవరి గళ్లలో పడాలన్నది ఇంకో నిర్ణయం. అన్ని మూలలూ జంటలకే పెడితే రెండో పద్ధతిలోని అన్యాయం వెనక దారిన తిరిగి వస్తుంది. మూలలను రెండు రకాలకూ పంచి, మూల స్టాల్‌కు అద్దె కొంత ఎక్కువ పెట్టడం మేలు. నూటికి పది, పదిహేను రూపాయలు అదనంగా పెట్టినా మూల కోసం రాసేవారిలో కొందరు తగ్గుతారు, ఆప్షన్లు నలుదిక్కులా సర్దుకుంటాయి.

ఇక్కడ ఎత్తు వేసే దారి ఒకటుంది. జంట కావలసినవారు ఇద్దరి పేర్ల మీద రెండు ఒంటి దరఖాస్తులు వేసి, ఒంటివారి గళ్లలో పక్కపక్క మంచి స్టాళ్లు పట్టాలని చూస్తారు. ఒక జీఎస్టీ నంబరుకు, అది లేనివారికి ఒక పాన్‌కు, ఒకే దరఖాస్తు అన్న నియమం దీన్ని చాలావరకు ఆపుతుంది.

## నాలుగో పద్ధతి: అందరి మొదటి ఆప్షన్లూ ముందు

వినడానికి ఎంతో న్యాయంగా ఉండేది ఇది. ముందు అందరి మొదటి ఆప్షన్లూ చూస్తారు. ఒకే స్టాల్‌కు ఇద్దరు రాస్తే ముందు కట్టినవారికి ఇస్తారు. మిగిలినవారి రెండో ఆప్షన్లు, ఆ తరువాత మూడో ఆప్షన్లు చూస్తారు. ‘ఎక్కువమందికి మొదటి ఆప్షన్ ఇచ్చాం’ అని చెప్పుకోవడానికి వీలవుతుంది కాబట్టి కమిటీలకు ఇష్టం.

మన వరస మీద నడిపితే ఏమవుతుందో చూడండి. పచ్చళ్లకు 1, బొమ్మలకు 8, ఇత్తడికి 6, ఫర్నిచర్‌కు 3-4, జీడిపప్పుకు 2. ఆరుగురిలో అయిదుగురికి మొదటి ఆప్షనే. చీరల సొసైటీ ఒక్కటే 1-2 అడిగి పచ్చళ్లవారి చేతిలో ఓడింది. దాని రెండో ఆప్షన్ 3-4 ఈలోపే ఫర్నిచర్‌కు పోయింది, 7-8లో 8 పోయింది. మిగిలినవి 5, 7. డబ్బు రెండోదిగా కట్టిన సొసైటీ పూర్తిగా బయట పడింది, అందరికంటే చివర కట్టిన జీడిపప్పువారు కోరుకున్నచోట కూర్చున్నారు.

ఆ సొసైటీ కార్యదర్శి మరుసటి ఏడాది ఏం చేస్తాడు? 1-2 తనకు ఎంత ఇష్టమైనా, పోటీ తక్కువని తోచిన 3-4ను మొదటి ఆప్షన్‌గా రాస్తాడు. అందరూ ఇలాగే రాయడం మొదలుపెట్టాక కమిటీ చేతిలో ఉన్న ఆప్షన్ల కాగితాలకు అర్థం ఉండదు. అమెరికాలోని బోస్టన్ నగరంలో బడి సీట్లను సరిగ్గా ఈ పద్ధతిలోనే పంచేవారు. తల్లిదండ్రులు ఎత్తులు వేసి రాయవలసి వస్తోందన్న కారణంతోనే 2005లో దాన్ని మానేశారు. బడి సీట్లకు పనికిరానిది స్టాళ్లకు పనికివస్తుందనుకోవడానికి కారణం కనబడదు. ఈ పద్ధతిని నేను ఎవరికీ సూచించను.

నాలుగింటి ఫలితాలనూ పక్కపక్కన పెడితే ఇలా ఉంటుంది:

| వ్యాపారం | కట్టిన వరసే వరస | పెద్దవి ముందు | ముందే గీసిన గళ్లు | మొదటి ఆప్షన్లు ముందు |
|---|---|---|---|---|
| పచ్చళ్లు | 1 | 8 | 1 | 1 |
| చీరలు | 3-4 | 1-2 | 3-4 | దక్కలేదు |
| బొమ్మలు | 8 | 7 | 8 | 8 |
| ఇత్తడి | 6 | 6 | 7 | 6 |
| ఫర్నిచర్ | దక్కలేదు | 3-4 | 5-6 | 3-4 |
| జీడిపప్పు | 2 | 5 | 2 | 2 |
| ఖాళీగా మిగిలినవి | 5, 7 | లేవు | లేవు | 5, 7 |

## ‘కట్టిన వరస’ అంటే ఏ వరస?

పద్ధతి ఏదైనా, అన్నింటి కిందా ఉన్న పునాది కట్టిన వరస. దాన్ని సరిగ్గా నిర్వచించకపోతే పైన కట్టినదంతా కదులుతుంది. దరఖాస్తు ఇచ్చిన సమయమా, వ్యాపారి ఫోన్‌లో డబ్బు పంపిన సమయమా, సంఘం ఖాతాలో జమ అయిన సమయమా అన్నది ఫారం మీద ఉండాలి. నా సలహా మూడోదే, అదీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో యూటీఆర్ నంబరుతో కనబడ్డ జమ మాత్రమే. చెల్లింపు స్క్రీన్‌షాట్లను వాట్సాప్‌లో పంపితే వాటిని వరసకు లెక్కలోకి తీసుకోకూడదు. పెండింగ్‌లో ఉన్న చెల్లింపు కూడా ఆ స్క్రీన్‌షాట్లలో చెల్లించినట్టే కనిపించవచ్చు.

జమ సమయాన్ని నిమిషాల దాకా పట్టించుకుంటే మాత్రం ఇంకో అన్యాయం జరుగుతుంది. యూపీఐలో పంపిన డబ్బు క్షణాల్లో చేరుతుంది. నెఫ్ట్ అరగంటకొక విడతగా కదులుతుంది. చెక్కు క్లియరింగుకు ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. సొంత వ్యాపారి అద్దె మొత్తాన్ని ఫోన్‌లోనే కట్టేస్తాడు. చేనేత సహకార సంఘం మాత్రం పాలకవర్గం తీర్మానం చేసి, అధ్యక్షుడు, కార్యదర్శి ఇద్దరూ సంతకాలు పెట్టిన చెక్కు ఇవ్వాలి. మా దగ్గరకు ఒక సొసైటీ గుమాస్తా ప్రతి ఏడూ ప్లాస్టిక్ కవర్‌లో మడత పడకుండా పెట్టిన చెక్కు పట్టుకుని, దరఖాస్తులు తెరిచిన రోజే బస్సులో వచ్చేవాడు. డబ్బు జమయ్యేసరికి ఫోన్లలో కట్టినవారు పాతికమంది ఆయన ముందుకు వెళ్లిపోయేవారు. ఆయన ఆలస్యం చేయలేదు, ఆయన చెల్లింపు మార్గం ఆలస్యమైంది.

దీనికి మందు నిమిషాల వరసను వదిలి విడతల వరస పెట్టడం. లేఅవుట్ విడుదలైన నాటి నుంచి పది రోజుల్లోపు పూర్తి డబ్బు జమ అయినవారందరూ మొదటి విడత, తరువాతి పది రోజులవారు రెండో విడత, ఆ తరువాతివారు మూడో విడత. ఒక విడత లోపల వరస చీటీలు తీసి నిర్ణయించాలి. ముందు కట్టినవారికి ఫలం ఉంటుంది, కానీ ఆ ఫలం ఫోన్ వేగానికి కాదు. చీటీలు మాత్రం వ్యాపారుల ఎదుటే తీయాలి. ఒక్కొక్క చీటీ మీద దరఖాస్తు నంబరు రాసి, డబ్బాలో వేసేముందు అన్నీ బల్లమీద పరిచి చూపించి, తీసిన వెంటనే బోర్డు మీద రాసిన వరసను ఫోటో తీసి అందరికీ పంపాలి. చీటీ నిర్ణయించేది వంతును మాత్రమేనని, స్టాల్‌ను కాదని ముందే చెప్పాలి. చీటీలో నేరుగా స్టాల్ నంబరు తీసే సంఘాలున్నాయి. అక్కడ ఫుడ్ కోర్టు పొగ పక్కన చీరలు, మధ్య వరసలో పచ్చళ్లు పడి, ఇద్దరూ బాధపడతారు. వంతు తీస్తే ఎవరికి ఏది కావాలో వారే ఎంచుకుంటారు.

‘పూర్తి డబ్బు’ అన్న మాట దగ్గరా ఒక చిక్కు ఉంది. జంట స్టాల్ అద్దె 60,000 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ 10,800 కలిపి 70,800 అనుకుందాం. కంపెనీగా ఉన్న వ్యాపారి దీన్ని అద్దెగా లెక్కగట్టి, జీఎస్టీ కాని మొత్తం మీద 10 శాతం టీడీఎస్ పట్టుకుంటే, ఖాతాలో జమ అయ్యేది 64,800 మాత్రమే. కోశాధికారి దాన్ని పాక్షిక చెల్లింపుగా రాసి రెండో విడతలోకి నెట్టేస్తే, ఆ కంపెనీ చేసిన తప్పేమీ లేకుండానే స్థానం పోగొట్టుకుంటుంది. దరఖాస్తుతో టీడీఎస్ వివరం జతచేసినవారి జమను పూర్తి చెల్లింపుగానే తీసుకోవాలని నియమం ఉండాలి. వాయిదాల్లో కట్టినవారి వరస మాత్రం చివరి వాయిదా జమ అయిన తేదీ నుంచే మొదలవ్వాలి. లేకపోతే వెయ్యి రూపాయలు కట్టి వరస పట్టుకుని, ఫలితం చూశాక మిగతాది కట్టాలా వద్దా అని ఆలోచించేవారు మొదటి విడతను నింపేస్తారు.

## ఎవరికి ఏది?

ముప్ఫైకి లోపు స్టాళ్లు, అన్నీ ఒకే పరిమాణం ఉంటే మొదటి పద్ధతి చాలు. అక్కడ గళ్లు గీయడం అనవసరపు పని. నలభై దాటి, జంటలు కలిసిన ప్రదర్శనకు మూడో పద్ధతిని, విడతలూ చీటీలూ కలిపి వాడమంటాను. దరఖాస్తుల్లో సహకార సంఘాలు, స్వయం సహాయక సంఘాలు ఎక్కువగా ఉంటే విడతలు తప్పనిసరి. పెద్ద కంపెనీలు ప్రధానంగా వచ్చే ఇళ్ల నిర్మాణ సామగ్రి, వాహనాల ప్రదర్శనల్లో రెండో పద్ధతి న్యాయమే కావచ్చు. అక్కడ ఖర్చులో అధికభాగం పెద్ద స్టాళ్లే మోస్తాయి, చిన్నవారు వాటికి వచ్చే జనం మీద ఆధారపడతారు. ఆ మాట ఫారం మీద రాసి చేస్తే ఎవరూ తప్పుపట్టరు.

ప్రదర్శన ఎన్ని రోజులన్నది కూడా నిర్ణయాన్ని మార్చాలి. నాంపల్లి నుమాయిష్ జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నడుస్తుంది. అంత కాలంలో లోపలి వరసలోని మంచి దుకాణాన్ని కూడా జనం వెతుక్కుంటూ వచ్చే అవకాశం ఉంటుంది. మూడు రోజుల ప్రదర్శనలో ఆ అవకాశం తక్కువ, కనబడని స్టాల్ అమ్ముడుపోని స్టాలే. కాబట్టి రోజులు తక్కువైన కొద్దీ మూల స్టాళ్లకు, లోపలి స్టాళ్లకు మధ్య అద్దె తేడా ఎక్కువ ఉండాలి, కేటాయింపు నియమాలు మరింత కచ్చితంగా ఉండాలి.

ఏటా వచ్చే పాత వ్యాపారి తన పాత చోటే కావాలని అడగడం సహజం. దాన్ని మన్నించదలిస్తే, లేఅవుట్ విడుదలకు ముందే వారం రోజులు గడువిచ్చి, ఆలోపు పూర్తి డబ్బు కట్టినవారికి పాత స్టాల్ ఇచ్చి, మిగిలినవాటినే లేఅవుట్‌లో ఖాళీగా చూపించాలి. ఖాళీగా చూపించి, తరువాత పాతవారికి ఇచ్చుకోవడం మాత్రం చేయకూడదు. అలా పదవ వంతుకు మించి స్టాళ్లు పాతవారికి కట్టబెడితే కొత్తవారికి మూల స్టాల్ కలలో మాటే అవుతుంది కాబట్టి, ఒక పరిమితి పెట్టుకోవాలి.

## దరఖాస్తు చేసే వ్యాపారికి

సంఘం ఏ పద్ధతి పాటిస్తుందో తెలుసుకున్నాకే ఆప్షన్లు రాయండి. మొదటి, మూడో పద్ధతుల్లో మీకు నిజంగా ఇష్టమైన వరసలోనే, వీలైనన్ని ఎక్కువ ఆప్షన్లు రాయడం మంచిది. మూడు రాసి ఆపేస్తే, జీడిపప్పువారికి రెండో పద్ధతిలో జరిగినట్టు మిగిలిన ముక్కే మీకు వస్తుంది. నాలుగో పద్ధతి పాటించే చోట మాత్రం, మీరు ఆలస్యంగా కట్టి ఉంటే అందరూ కోరే మూలను మొదటి ఆప్షన్‌గా రాసి దాన్ని వృథా చేసుకోవద్దు.

చోటును సరుకును బట్టి ఎంచుకోండి. ద్వారం పక్కన స్టాల్ అందరికీ కావాలనిపిస్తుంది కానీ, లోపలికి వచ్చేటప్పుడు జనం చాలావరకు చూసుకుంటూ సాగిపోతారు, కొనడం తిరుగు ప్రయాణంలో చేస్తారు. చేతిలో పట్టుకుపోయే పచ్చళ్లు, జీడిపప్పులకు ఆ తిరుగు దారి లాభం. కూర్చోబెట్టి పది చీరలు విప్పి చూపవలసినవారికి తోపులాట లేని మధ్య వరసే మేలు. స్టేజీ పక్కన మైకు మోతలో బేరం వినబడదు. ఇత్తడి, గాజు సామాను పెట్టేవారు జనరేటర్ దగ్గర తీసుకోవద్దు, అదురుకు షెల్ఫుల మీది వస్తువులు జరుగుతాయి.

డబ్బు కట్టేముందు మైదానానికి ఒకసారి వెళ్లి, సున్నం గీతలు గీసి ఉంటే మీ ఆప్షన్లలోని స్టాళ్లను టేపుతో కొలిపించండి. కాగితం మీద 3 మీటర్లు చూపించిన గడిలో కరెంటు స్తంభం నిలబడి ఉండవచ్చు, టెంటు గుంజ కోసం ముందు వైపు అడుగు మేర పోయి ఉండవచ్చు. అలాంటిది కనబడితే ఆ రోజే కమిటీకి రాసి ఇచ్చి, రసీదు తీసుకోండి. ఫలితం వచ్చాక ఎవరితోనైనా స్టాల్ మార్చుకోదలిస్తే, ఒకే పరిమాణం ఉన్నవారిద్దరూ కలిసి సంతకం చేసిన కాగితాన్ని రెండు రోజుల్లోపు కమిటీకి ఇవ్వండి. సైన్ బోర్డులు, కరెంటు కనెక్షన్లు స్టాల్ నంబరు ప్రకారం వేసేశాక ఆ మార్పును ఎవరూ చేయలేరు.